97.15 అచ్చుతప్పు కాదు

ప్రశ్న: నమస్కారం. బెంగళూరులో సెకండ్ పీయూసీ చదువుతున్నాను. ట్యూషన్‌లో ఇచ్చిన కాగితాన్ని ఫోటో తీసి పెట్టాను, కాస్త మసకగా వచ్చింది. 9.0 గ్రాముల తెలియని పదార్థాన్ని (విద్యుద్విశ్లేష్యం కాదు అని రాశారు) 100 గ్రాముల నీటిలో కరిగించారు. ద్రావణం −0.93 °C దగ్గర గడ్డకట్టింది, 97.15 °C దగ్గర మరిగింది. Kf 1.86, Kb 0.512. మోలార్ ద్రవ్యరాశి కనుక్కోవాలి. సరళ ఫార్ములా CH2O అయితే అణు ఫార్ములా కూడా చెప్పాలి. నాకు మొదటి దారిలో 165, రెండో దారిలో 15 వచ్చాయి. వెనక జవాబు 180 అని ఉంది. నీరు 100 దగ్గర మరుగుతుంది కాబట్టి 97.15 అచ్చుతప్పేమో అనుకుని తేడా 2.85 తీసుకున్నాను. తప్పు ఎక్కడ జరిగింది?

జవాబు:

నీ ఫోటోను పెద్దది చేసి చూశాను. కాగితం అడుగున నీ బొటనవేలి నీడ పడిన చోట ఇంకో వాక్యం ఉంది. వెలుతురు పెంచి చూస్తే అక్షరాలు తేలాయి: అదే ప్రయోగశాలలో, అదే థర్మామీటరుతో చూసినప్పుడు శుద్ధజలం 0.00 °C దగ్గర గడ్డకట్టింది, 96.90 °C దగ్గర మరిగింది అని. ఈ వాక్యం లేకుండా రెండో దారిలో ఒక్క అడుగు కూడా వేయలేం. అది నీ కంటపడలేదు కాబట్టి నువ్వు 100 పెట్టుకున్నావు. అక్కడ పడింది పెద్ద తప్పు. మొదటి దారిలో పడినది చిన్న తప్పు, కానీ పరీక్షల్లో ఎక్కువ మార్కులు పోయేది దానివల్లే.

ముందు చిన్నదాని సంగతి చూద్దాం. నీ 165ను వెనక్కి లెక్కించి చూశాను. హారంలో నువ్వు 100 బదులు 109 పెట్టావు, అంటే నీటి బరువుకు పదార్థం బరువు కూడా కలిపావు. రెండు దారులకూ సూత్రం ఒకటే:

```
M = (K × w × 1000) / (ΔT × W)
```

ఇందులో w కరిగిన పదార్థం గ్రాములు, W ద్రావణి గ్రాములు. W అంటే ద్రావణం మొత్తం కాదు, ద్రావణి ఒక్కటే. మోలాలిటీని ఒక కిలో ద్రావణిలో ఎన్ని మోల్‌లు కరిగాయన్న లెక్కతోనే నిర్వచించారు, Kf, Kb విలువలు కూడా ఆ లెక్కతోనే వచ్చాయి. మోలారిటీ లెక్కలు చేసీ చేసీ ద్రావణం మొత్తాన్ని తీసుకోవడం చేతికి అలవాటైపోతుంది, ఇక్కడికి వచ్చాక కూడా చెయ్యి అటే పోతుంది. కొన్ని ప్రశ్నపత్రాల్లో ద్రావణం బరువు మాత్రమే ఇచ్చి, అందులోంచి పదార్థం బరువు తీసేయమని అడుగుతారు. ఇక్కడ ఆ శ్రమ కూడా లేదు, 100 గ్రాములు నీరే అని తిన్నగా ఇచ్చారు.

గడ్డకట్టే స్థానంలో వచ్చిన తగ్గుదల 0.00 నుంచి −0.93 వరకు, అంటే 0.93. అంకెలు పెడితే 1.86 × 9.0 × 1000 ను 0.93 × 100 తో భాగించాలి. 16740 భాగారం 93, సరిగ్గా 180. మోలాలిటీ వైపు నుంచి చూసినా ఇదే తేలుతుంది. 0.93ను 1.86తో భాగిస్తే 0.5, అంటే కిలో నీటికి అర మోల్. కిలో నీటికి 90 గ్రాములు కరిగించారు కాబట్టి అర మోల్ 90 గ్రాములు, ఒక మోల్ 180 గ్రాములు. నేనైతే పరీక్షలో పెద్ద సూత్రం రాసి, సరిచూసుకోవడానికి ఈ రెండో పద్ధతి వాడతాను. ద్రావణి బరువులో పొరపాటు చేస్తే ఇక్కడ వెంటనే తెలిసిపోతుంది.

ఇప్పుడు 15 సంగతి. ఆ అంకె చూడగానే పెన్ను కింద పెట్టాల్సింది. సరళ ఫార్ములా CH2O అని ప్రశ్నలోనే ఉంది. దాని బరువు 12 + 2 + 16, అంటే 30. మోలార్ ద్రవ్యరాశి 30కి సమానం కావాలి, లేదా దానికి పూర్ణాంక గుణిజం కావాలి. 15 అంటే సగం అణువు. సేంద్రియ పదార్థాల్లో అతి తేలికైన మీథేన్‌కే 16, అదేమో గది ఉష్ణోగ్రత దగ్గర వాయువు. చెంచాతో తీసి తూకం వేసే పొడికి 15 రావడం అసాధ్యం. ఆ దశలో 97.15ను అచ్చుతప్పుగా కొట్టేసే బదులు, 100 అన్న అంకె మీద అనుమానం పడి ఉంటే సరిపోయేది.

నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుందన్న మాటకు చివర ఒక షరతు తగిలించి ఉంటుంది: బయటి పీడనం 760 మిల్లీమీటర్ల పాదరసం అయినప్పుడు. నీటి బాష్పపీడనం బయటి పీడనంతో సమానమైన చోట నీరు మరుగుతుంది. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ వాతావరణ పీడనం 680 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. శుద్ధజలం బాష్పపీడనం అంత కావడానికి దాదాపు 97 డిగ్రీలు చాలు. కాబట్టి మీ కాగితంలోని 96.90 బెంగళూరు నీటి మరుగు స్థానమే. ఈ ప్రశ్న రాసినవారు పుస్తకంలోని అంకెలు కాకుండా ఇక్కడి ప్రయోగశాలలో నిజంగా వచ్చే అంకెలు ఇచ్చారు. వారు నాకు నచ్చారు.

ఈ తప్పు నేనూ చేశాను కాబట్టే నిన్ను కోప్పడటం లేదు. చెన్నైలో 11 ఏళ్లు పాఠాలు చెప్పాను. అక్కడ సముద్రం పక్కనే కాబట్టి శుద్ధజలం మరుగు స్థానం కొలవకుండా 100 అని బోర్డు మీద రాసేసినా మామూలు థర్మామీటరుతో పెద్దగా దొరికిపోయేవాళ్లం కాదు. తర్వాత బెంగళూరులో ఒక కాలేజీలో చేరిన మొదటి నెలలో అవే పాత నోట్సుతో ప్రయోగం పెట్టాను. పిల్లలందరికీ ద్రావణం 100 కన్నా తక్కువ ఉష్ణోగ్రత దగ్గరే మరిగింది. ఒకమ్మాయి లేచి, ‘సార్, ఉప్పు వేస్తే మరుగు స్థానం పెరగాలి కదా, ఇక్కడ తగ్గిందేమిటి’ అని అడిగింది. థర్మామీటర్లు పాడయ్యాయని చెప్పి తప్పించుకున్నాను. ఆ రాత్రి ఇంట్లో అమ్మ, ఈ ఊళ్లో కందిపప్పు మూత లేని గిన్నెలో ఎంతకీ ఉడకదని విసుక్కుంటూంటే అప్పుడు తట్టింది. మర్నాడు ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పాను.

నిజానికి చెన్నైలో కూడా 100 అని రాయడం తప్పే, అది బయటపడదంతే. 100 డిగ్రీల పరిసరాల్లో పీడనం 27 మిల్లీమీటర్లు మారితే మరుగు స్థానం దాదాపు ఒక డిగ్రీ మారుతుంది. తుపాను పట్టిన రోజున పీడనం 10 మిల్లీమీటర్లు పడిపోయిందనుకో, శుద్ధజలం మరుగు స్థానమే 0.37 డిగ్రీ కిందికి దిగుతుంది. మనం కొలవాలనుకుంటున్న తేడా 0.25 మాత్రమే. అంటే వాతావరణం తెచ్చే మార్పు, పదార్థం తెచ్చే మార్పును మింగేస్తుంది. అందుకే శుద్ధ ద్రావణినీ ద్రావణాన్నీ ఒకే పూట, ఒకే గదిలో, ఒకే థర్మామీటరుతో కొలిచి, రెండింటి తేడా తీసుకోవాలి. థర్మామీటరు అన్ని చోట్లా అర డిగ్రీ ఎక్కువ చూపిస్తున్నా తేడాలో అది కొట్టుకుపోతుంది.

గడ్డకట్టే స్థానానికి ఈ బెడద లేదు. ఒక వాతావరణం మేర పీడనం మారినా మంచు కరిగే ఉష్ణోగ్రత డిగ్రీలో వెయ్యో వంతుల లెక్కలోనే కదులుతుంది, అందుకే బెంగళూరులోనూ చెన్నైలోనూ అది సున్నా దగ్గరే. నీ మొదటి దారిలో సున్నా తీసుకోవడం వల్ల ఏ నష్టమూ రాలేదు, రెండో దారిలో 100 తీసుకోవడం వల్ల కొంప మునిగింది. రెండూ పుస్తకంలోని అంకెలే, కానీ ఒకటి పీడనాన్ని పట్టించుకోదు, రెండోది పీడనం చెప్పినట్టల్లా వింటుంది.

రెండో దారి సరిచేద్దాం. పెరుగుదల 97.15 − 96.90, అంటే 0.25. అంకెలు పెడితే 0.512 × 9.0 × 1000 భాగారం 0.25 × 100. 4608ను 25తో భాగిస్తే 184.3. పరీక్షలో ఇంతవరకు రాస్తే పూర్తి మార్కులు రావాలి. 180కి 184కి ఈ నాలుగు తేడా ఎందుకని అడిగితే, అందులో ఒక ముక్కకు కారణం చెప్పగలను. 0.512 అనేది 100 డిగ్రీల దగ్గర మరిగే నీటికి చెందిన విలువ. Kb మరుగు స్థానం (కెల్విన్‌లలో) వర్గానికి అనులోమంగా, బాష్పీభవనోష్ణానికి విలోమంగా ఉంటుంది. 97 డిగ్రీల దగ్గర మరుగు స్థానం 373 బదులు 370, బాష్పీభవనోష్ణం ఒక పిసరు ఎక్కువ. రెండూ కలిసి Kb విలువను సుమారు 0.503కి దింపుతాయి. దాన్ని పెడితే 181 వస్తుంది. ఇంటర్ స్థాయిలో ఎవరూ ఇది అడగరు. కానీ K అనేది ఆ ద్రావణి మరిగే చోటుతో, గడ్డకట్టే చోటుతో కట్టుబడిన విలువ అని తెలిస్తే, నీటికీ బెంజీన్‌కూ అది ఎందుకు వేరుగా ఉంటుందో బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

Kf 1.86 అయితే Kb అందులో మూడో వంతు కూడా లేకపోవడానికి కారణం కూడా అక్కడే ఉంది. మంచును కరిగించడానికి మోల్‌కు సుమారు 6 కిలోజౌళ్లు చాలు, నీటిని ఆవిరి చేయడానికి 40 పైచిలుకు కావాలి. ఈ ఉష్ణం హారంలో ఉంటుంది కాబట్టి, అది పెద్దదైతే K చిన్నదవుతుంది. ఈ తేడా చివర్లో మనకు పనికొస్తుంది, గుర్తుపెట్టుకో.

మీ కాలేజీలో ఈ ప్రయోగం చేయిస్తే ఇంకో రెండు చోట్ల జారిపడతారు. మంచు, ఉప్పు కలిపిన గిన్నెలో గొట్టాన్ని పెట్టి కలుపుతూ ఉంటే ద్రావణం −0.93 దగ్గర ఆగదు. స్ఫటికం మొదలుకాక −1.9 వరకు కూడా ద్రవంగానే జారిపోతుంది. తర్వాత గొట్టం ఒక్కసారిగా తెల్లబడుతుంది, పాదరసం చరచరా పైకి లేచి −0.94 దరిదాపుల్లో నిలబడుతుంది. పిల్లలు రాసుకునేది ఆ అడుగున కనిపించిన −1.9. దాంతో లెక్కిస్తే 88 వస్తుంది. 180కి దాదాపు సగం కదా, వెంటనే పదార్థం రెండు అయాన్లుగా విడిపోయిందని రాసేస్తారు. నిజానికి విడిపోయిందేమీ లేదు, అతిశీతలీకరణను గడ్డకట్టే స్థానం అనుకున్నారంతే. పాదరసం తిరిగి లేచి నిలబడిన చోటే చదవాలి. అక్కడ కూడా ఒక చిన్న సవరణ ఉంది. డిగ్రీ మేర అతిశీతలమైతే నీటిలో 1.25 శాతం ఒక్కసారిగా మంచుగా మారుతుంది, మిగిలిన ద్రావణం అంతమేర చిక్కబడుతుంది. −0.93 రావాల్సిన చోట −0.94 కనిపించడం అందుకే. తర్వాత కూడా మంచు పేరుకునేకొద్దీ అంకె మెల్లగా కిందికే జారుతుంది.

మరిగించేటప్పుడు పొరపాటు దీనికి తలకిందులుగా జరుగుతుంది. థర్మామీటరు బుడ్డి ద్రవంలో మునిగి ఉండాలి. ద్రవానికి పైన ఆవిరిలో ఉంటే, ఆ ఆవిరి బుడ్డి మీద శుద్ధజలంగా చెమర్చి 96.9 దరిదాపులనే చూపిస్తుంది. తేడా సున్నా వచ్చిందంటే బుడ్డి ఎక్కడుందో ముందు చూడు. మూత లేకుండా అయిదు నిమిషాలు మరిగిస్తే నీరు తగ్గి ద్రావణం చిక్కబడుతుంది. 100 గ్రాముల్లో 5 గ్రాములు ఆవిరైపోయినా మోలాలిటీ 5 శాతం పెరిగినట్టే, నీ మోలార్ ద్రవ్యరాశి అంతమేర తక్కువగా వస్తుంది.

ప్రశ్నలో ‘విద్యుద్విశ్లేష్యం కాదు’ అన్న మాట మీద కూడా ఒక నిమిషం ఆగాలి. రెండు దారుల్లోనూ ఒకే అంకె వస్తే అది తప్పకుండా సరైనదేనని చాలామంది నమ్ముతారు. అలా కాదు. ఈ రెండు ధర్మాలూ కణాల సంఖ్యనే లెక్కపెడతాయి, కణం దేనిదో అడగవు. తొమ్మిది గ్రాముల చోట మామూలు ఉప్పు ఉందనుకో. అది నీటిలో రెండు అయాన్లుగా విడిపోతుంది కాబట్టి, గడ్డకట్టే దారిలోనూ మరిగే దారిలోనూ 58.5 బదులు ఇంచుమించు 30 వస్తుంది. రెండు దారులూ చేతులు కలిపి ఒకే అబద్ధం చెబుతాయి. వాంట్ హాఫ్ గుణకం తెలియకపోతే ఆ అబద్ధం పట్టుకోవడానికి ద్రావణం విద్యుత్తును ప్రవహింపజేస్తుందో లేదో విడిగా చూడాలి. అదే పదార్థానికి తనే ఆవిరయ్యే గుణం ఉంటే మాత్రం రెండు దారులూ వేరుపడతాయి. ఉదాహరణకు నీటిలో ఆల్కహాల్ కలిపితే గడ్డకట్టే స్థానం లెక్క ప్రకారమే తగ్గుతుంది, మరుగు స్థానం మాత్రం పెరగకపోగా తగ్గుతుంది. ఆవిరిలోకి ఆల్కహాల్ కూడా వెళుతుంది, మంచులోకి మాత్రం నీరొక్కటే వెళుతుంది. కాబట్టి మరుగు స్థానం నిజంగా తగ్గినప్పుడు అది దేనివల్లో అడగాలి. నీ లెక్కలో తగ్గినట్టు కనిపించింది ఆల్కహాల్ వల్ల కాదు, 920 మీటర్ల ఎత్తు వల్ల.

ఇక అణు ఫార్ములా. 180ని 30తో భాగిస్తే 6, కాబట్టి C6H12O6. జవాబుపత్రంలో ఇది ఒక్క వరుస. కానీ ఈ అంకెను ఎంతవరకు నమ్మవచ్చో చూడటానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. మన థర్మామీటరు మీద పదో వంతు డిగ్రీ గీతలు ఉన్నాయనుకుందాం, కంటి చూపులో 0.05 అటూఇటూ పోతుంది. గడ్డకట్టే దారిలో తేడా 0.88 నుంచి 0.98 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు, దాంతో మోలార్ ద్రవ్యరాశి 190 నుంచి 171 వరకు ఊగుతుంది. 30తో భాగిస్తే 6.3 నుంచి 5.7. దగ్గరి పూర్ణాంకం 6 తప్ప ఇంకోటి లేదు. కొలత మొరటుదైనా జవాబు తేలింది.

మరిగే దారిలో అదే 0.05 పొరపాటుకు తేడా 0.20 నుంచి 0.30 వరకు పోతుంది. 0.503తో లెక్కిస్తే మోలార్ ద్రవ్యరాశి 226 నుంచి 151 వరకు, 30తో భాగిస్తే 7.5 నుంచి 5.0. అందులో 5 ఉంది, 6 ఉంది, 7 కూడా ఉంది. అంటే మామూలు థర్మామీటరు చేతిలో ఉంటే ఈ దారి అణు ఫార్ములా చెప్పలేదు. దీనికి కారణం ఇందాకటి 6, 40 కిలోజౌళ్లే: K చిన్నదైతే తేడా చిన్నదవుతుంది, అదే పొరపాటు దాని ముందు కొండంత కనబడుతుంది. ఈ ఇబ్బంది తీర్చడానికే ఎర్న్‌స్ట్ బెక్‌మన్ డిగ్రీలో వందో వంతు గీతలున్న థర్మామీటరు తయారుచేశాడు. మొత్తం ఐదారు డిగ్రీల మేరే చూపించే ఆ పొడవాటి సాధనం అసలు ఉష్ణోగ్రత ఎంతో చెప్పదు, తేడా ఎంతో మాత్రమే చెబుతుంది. మన లెక్కకు కావలసింది కూడా అదే.

కాబట్టి జవాబుపత్రంలో ముందు గడ్డకట్టే దారి రాసి 180 తేల్చు. తర్వాత 96.90ని ఎక్కడి నుంచి తీసుకున్నావో ఒక ముక్క రాసి, మరిగే దారిలో 184 చూపించి, రెండూ దగ్గరగా ఉన్నాయని చెప్పి C6H12O6 రాయి. గ్లూకోజ్ అని మాత్రం రాయకు. ఫ్రక్టోజ్‌కు కూడా ఇదే ఫార్ములా, ఇదే 180, నీటిని అది కూడా ఇంతే చల్లారనిస్తుంది, ఇంతే వేడెక్కనిస్తుంది.